నల్లటి రింగులన్నీ ఒకటి కావు

విజయవాడలో ఒక నాలుగంతస్తుల ఇల్లు తీసుకుందాం. ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణానదిలో తోడిన నీరు శుద్ధి కేంద్రంలో వడకట్టుకుని, క్లోరిన్ కలుపుకుని, కార్పొరేషన్ పైపులోంచి ఆ ఇంటి సంపులోకి వస్తుంది. మోటారు దాన్ని డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. ట్యాంకులోంచి కొంత నీరు సోలార్ హీటర్‌లోకి వెళ్లి, వేడెక్కి, స్నానాల గదుల్లోకి దిగుతుంది. ఈ దారిలో పైపుల్ని, వాల్వుల్ని, గాజు గొట్టాల్ని కలిపే ప్రతి చోటా ఒక రబ్బరు రింగో వాషరో గాస్కెట్టో ఉంటుంది. ధర చూస్తే ఆ వ్యవస్థ మొత్తంలో అన్నిటికంటే చవకైనవి అవే. కానీ నీరు కారడం మొదలయ్యేదీ ఎక్కువగా అక్కడే.

ఆ ఇంట్లో సాధారణంగా మూడు జాతుల రబ్బర్లు కనిపిస్తాయి. మోటారు సీలులో ఉండేది చాలావరకు నైట్రైల్. వేడినీటి పైపు యూనియన్లలో ఉండాల్సింది ఈపీడీఎం, అంటే ఇథిలీన్, ప్రొపిలీన్‌లతో చేసిన రబ్బరు. సోలార్ హీటర్‌లో గాజు గొట్టం ట్యాంకులోకి దూరే రంధ్రం దగ్గర ఉండేది సిలికాన్. మొదటి రెండూ నల్లగా, మెత్తగా, చేతికి ఒకేలా తగులుతాయి. దుకాణంలో పక్కపక్కన పెడితే అనుభవజ్ఞుడైన ప్లంబరు కూడా కంటితో తేడా చెప్పలేడు. అయినా ఒకటి పెట్టాల్సిన చోట ఇంకొకటి పెడితే పదేళ్లు రావాల్సిన కీలు రెండేళ్లకే కారవచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

రింగు నీటిని ఎలా ఆపుతుంది?

ఓ రింగు నీటిని ఆపేది బిరడాలా రంధ్రాన్ని పూడ్చి కాదు, తిరిగి లేవాలనే తన గుణంతో. లోహంలో చెక్కిన గాడిలో రింగును కూర్చోబెట్టి మూత బిగిస్తే అది కొంత నలుగుతుంది. నలిగిన రబ్బరు పాత ఆకారానికి రావడానికి ప్రయత్నిస్తూ రెండు లోహపు ముఖాల్నీ ఒత్తుతూ ఉంటుంది. నీటి ఒత్తిడి పెరిగితే రింగు గాడి అంచుకు మరింత గట్టిగా ఒరుగుతుంది. కదలని కీళ్లలో రింగు మందంలో సుమారు 15 నుంచి 30 శాతం నలిగేలా గాడి లోతును నిర్ణయిస్తారు.

కాబట్టి రింగు చనిపోవడం అంటే చిరిగిపోవడమే కానక్కరలేదు. తిరిగి లేచే శక్తి పోతే చాలు. చూడ్డానికి చెక్కుచెదరకుండా ఉన్నా గాడిలో ఒదిగినచోట చదునుగా గట్టిపడిపోయిన రింగు నీటిని ఆపలేదు. ఈ నష్టాన్ని ఇంజనీర్లు కంప్రెషన్ సెట్ అనే అంకెతో కొలుస్తారు. దాని లెక్క ఇది:

```
C = (t0 - t1) / (t0 - tn) × 100
```

ఇందులో t0 కొత్త రింగు మందం, tn బిగించినప్పటి మందం, t1 విప్పి అరగంట వదిలేశాక కొలిచిన మందం.

ఒక లెక్క చేద్దాం. కొత్తప్పుడు రింగు మందం 3.53 మిల్లీమీటర్లు. గాడిలో బిగించాక అది 2.70కి నలిగింది. అంటే నలుగుడు 0.83 మిల్లీమీటర్లు, మందంలో సుమారు 23 శాతం. కొన్నేళ్ల తర్వాత విప్పి చూస్తే మందం 2.90 మాత్రమే ఉందనుకుందాం. పోగొట్టుకున్నది 0.63. దాన్ని 0.83తో భాగిస్తే 76 శాతం. తిరిగి లేవడానికి ఇక మిగిలింది 0.20 మిల్లీమీటర్లే. రాత్రి పైపు చల్లబడి లోహం, ప్లాస్టిక్ కొద్దిగా ముడుచుకున్నప్పుడు ఆ కాస్తా చాలదు. అందుకే ముసలి రింగు తరచుగా చల్లబడ్డాక, తెల్లవారుజామున చుక్కలు వదులుతుంది. వేడినీరు తిరిగి రాగానే ఉబ్బి కారడం ఆపేస్తుంది. అదే రింగు 3.30కి లేచి ఉంటే సెట్ 28 శాతమే. అలాంటి దాన్ని ఇంకా నమ్మవచ్చు. 80 శాతం చేరిన రింగును పనికి రానిదిగా లెక్కిస్తారు.

వేడి, క్లోరిన్ ఈ సెట్‌ను ఎలా పెంచుతాయన్నది రబ్బరు అణువుల కట్టడం మీద ఆధారపడి ఉంటుంది.

నైట్రైల్: నూనె కోసం పుట్టిన రబ్బరు

రబ్బరు అంటే వేలాది చిన్న అణువులు వరుసగా కలిసిన పొడవాటి గొలుసుల చిక్కు. గంధకం లాంటి పదార్థంతో వేడిచేసి ఆ గొలుసుల్ని అక్కడక్కడా ఒకదానికొకటి ముడివేస్తే అది సాగి తిరిగి వచ్చే రబ్బరు అవుతుంది. నైట్రైల్‌లో ఆ గొలుసు రెండు పదార్థాలతో అల్లి ఉంటుంది. ఒకటి బ్యూటాడైయీన్, రెండోది ఆక్రిలోనైట్రైల్. దీన్ని 1930లలో జర్మనీలో తయారుచేశారు. ఆక్రిలోనైట్రైల్ భాగంలో విద్యుత్ ధ్రువత్వం ఎక్కువ. పెట్రోలు, డీజిలు, ఇంజన్ ఆయిల్ అణువులకు ధ్రువత్వం లేదు. కాబట్టి నూనె నైట్రైల్‌లోకి సులువుగా చొరబడదు, రబ్బరు ఉబ్బదు. నైట్రైల్‌కు ప్రపంచమంతా ఉన్న గిరాకీకి మూలం ఈ ఒక్క గుణమే.

విజయవాడ ఆటోనగర్‌లో ఓ రింగుల దుకాణానికి వెళితే ఈ గిరాకీ అర్థమవుతుంది. అక్కడికి వచ్చేది లారీల హైడ్రాలిక్ జాకీలు, ఆయిల్ సీళ్లు, డీజిల్ పంపులు బాగుచేసేవాళ్లు. వాళ్లకు కావలసింది నూనెకు తట్టుకునే రింగు. అందుకే అలాంటి చోట సైజు చెప్పి ఓ రింగు అడిగితే, ఏ రబ్బరో చెప్పకపోతే, చేతికి వచ్చేది దాదాపు ఎప్పుడూ నైట్రైలే. ఇంజన్ ఆయిల్‌కు అది సరైన ఎంపిక. అదే రింగు ప్లంబరు సంచిలో పడి వేడినీటి యూనియన్‌లోకి చేరినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

కారణం గొలుసులోని రెండో భాగం. బ్యూటాడైయీన్ ముక్క కలిసిన ప్రతి చోటా రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఒక జంట బంధం మిగిలిపోతుంది. అది కూడా ఎక్కువ చోట్ల గొలుసు నడుమలోనే ఉంటుంది. రసాయనికంగా ఆ జంట బంధం తెరిచి ఉంచిన తలుపు. ఆక్సిజన్, ఓజోన్, క్లోరిన్ ముందుగా తగులుకునేది దానికే.

నీటిలో కలిపిన క్లోరిన్ హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. నీటి పీహెచ్ 7.5 దగ్గర అందులో దాదాపు సగం ఆమ్లంగా, సగం అయానుగా ఉంటుంది. క్రిముల్ని చంపడంలోనూ రబ్బరును తినడంలోనూ ఆమ్ల రూపానిదే పైచేయి. విద్యుదావేశం లేని చిన్న అణువు కాబట్టి అది రబ్బరు పైపొరలోకి దూరి జంట బంధాలకు క్లోరిన్‌ను తగిలిస్తుంది. కొన్ని గొలుసులు తెగుతాయి, కొన్ని పక్క గొలుసులతో అనవసరంగా ముడిపడతాయి. తెగిన చోట పొర పొడిగా రాలుతుంది, ముడిపడిన చోట గట్టిపడి పగుళ్లు వస్తాయి.

ఇది కేవలం ఊహించి చెప్పే చర్య కాదు, పరిశ్రమలో కావాలని చేసే పని కూడా. పౌడరు లేని నైట్రైల్ చేతితొడుగులు చర్మానికి అంటుకోకుండా సులువుగా ఎక్కడానికి తయారీలో వాటిని క్లోరిన్ నీటిలో ముంచి తీస్తారు. ఘాటైన ద్రావణంలో కొన్ని నిమిషాలు ఉంచితే చాలు, పైపొర గట్టిపడి నునుపెక్కుతుంది. చేతితొడుగుకు మేలు చేసే ఆ మార్పే, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జరిగినప్పుడు పైపు రింగును పాడుచేస్తుంది.

వేడి ఈ చర్యను తొందరపెడుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. సంపులో 30 డిగ్రీల నీటికీ హీటర్ నుంచి దిగే 60 డిగ్రీల నీటికీ మధ్య మూడు పదులున్నాయి. రెండును మూడు సార్లు హెచ్చిస్తే ఎనిమిది. అంటే చల్లటి పైపులో ఎనిమిదేళ్లలో జరిగే నష్టం వేడి పైపులో ఏడాదిలో జరగవచ్చు. అసలు లెక్క రబ్బరు మిశ్రమాన్ని బట్టి మారుతుంది కానీ దిశ మాత్రం ఇదే. ఇంకో నష్టం కూడా ఉంది. నైట్రైల్ ఆక్సీకరణం చెందకుండా తయారీదారు కలిపే రక్షక రసాయనాల్ని వేడినీరు మెల్లగా కడిగేస్తుంది. అవి పోయాక రబ్బరు రక్షణ లేకుండా మిగిలిపోతుంది.

అందువల్ల చల్లటి నీటి మోటారులో, ఇంట్లో వాడే మామూలు క్లోరిన్ మోతాదులో, నైట్రైల్ సీలు బాగానే పనిచేస్తుంది. గాలిలో, నూనెలో అది సుమారు 100 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. కానీ వేడి, క్లోరిన్, నిరంతర ప్రవాహం మూడూ కలిసిన చోట దాన్ని పెట్టకూడదు.

ఈపీడీఎం: నడుము గట్టిది

1950లలో కార్ల్ జీగ్లర్, జూలియో నట్టా కనిపెట్టిన ఉత్ప్రేరకాలతో ఇథిలీన్, ప్రొపిలీన్ అనే రెండు సాదా వాయువుల్ని రబ్బరుగా మార్చడం సాధ్యమైంది. ఆ పనికి ఇద్దరికీ 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ రబ్బరు గొలుసులో నడుమంతా ఒంటి బంధాలే. క్లోరిన్ తగులుకోవడానికి తలుపులు లేవు.

అయితే తలుపులు లేకపోతే గంధకానికీ పట్టు దొరకదు, గొలుసుల్ని ముడివేయలేం. అందుకని మూడో పదార్థంగా డైయీన్‌ను కొద్ది శాతం కలుపుతారు. దాని జంట బంధం గొలుసు నడుమలో కాకుండా పక్కకు వేలాడుతూ ఉంటుంది. ఇక్కడే ఈపీడీఎం తెలివంతా ఉంది. పందిరి మీది సొరపాదులో పక్క పిలక తుంచితే పాదు బతుకుతుంది, మొదట్లో కాండం కోస్తే మొత్తం వాడిపోతుంది. క్లోరిన్ ఈపీడీఎంలో పక్క పిలకను తింటుంది, నైట్రైల్‌లో కాండాన్నే కోస్తుంది.

నీటికీ ఈ గొలుసుకూ పొత్తు లేదు. ధ్రువత్వం లేని గొలుసు కాబట్టి నీటిని తక్కువగా పీల్చుకుంటుంది. పట్టణాల తాగునీటి పైపుల కీళ్లలో, వేడినీటి వ్యవస్థల్లో, ఆవిరి పైపుల్లో ఈపీడీఎం ఎక్కువగా వాడటానికి కారణం ఇదే.

అయినా ఈపీడీఎం అని చెప్పినంత మాత్రాన సరిపోదు. గొలుసుల్ని ముడివేసిన పద్ధతిని బట్టి అందులో రెండు రకాలున్నాయి. గంధకంతో ముడివేస్తే రెండు గొలుసుల మధ్య గంధకపు పరమాణువులే వారధి. గంధకానికి గంధకానికి మధ్య బంధం వేడికి తేలిగ్గా విడిపోయి, నలిగి ఉన్న ఆకారంలోనే మళ్లీ ముడిపడుతుంది. అంటే సెట్ పెరుగుతుంది. పెరాక్సైడ్‌తో ముడివేస్తే కార్బన్ నేరుగా కార్బన్‌తో కలుస్తుంది. ఆ బంధం చాలా గట్టిది. గంధకపు ఈపీడీఎం సుమారు 120 డిగ్రీల దగ్గర అలసిపోతే, పెరాక్సైడ్ ఈపీడీఎం వేడినీటిలో, ఆవిరిలో 150 వరకు నిలుస్తుంది. 60 డిగ్రీల స్నానపు నీటికి మామూలుది కూడా చాలు. కానీ ఏళ్ల తరబడి వేడి ఆగకుండా తిరిగే హోటల్, ఆసుపత్రి పైపుల్లో పెరాక్సైడ్ రకమే అడగాలి.

మరో తేడా దుకాణంలో కనిపించదు. చవక ఈపీడీఎంలో రబ్బరు తక్కువ, సుద్ద పొడి, నూనె ఎక్కువ ఉంటాయి. వేడినీరు ఆ నూనెను బయటికి లాగేస్తే రింగు కుంచించుకుపోతుంది. పేరు ఈపీడీఎమ్మే, పనితీరు మాత్రం వేరు.

ఈ రబ్బరుకు ఒక శత్రువు ఉంది, అది నూనె. ధ్రువత్వం లేని గొలుసులోకి ధ్రువత్వం లేని నూనె సొంతింట్లోకి వచ్చినట్టే వస్తుంది. రింగు సులువుగా జారి కూర్చోవాలని గ్రీజో వేజలీనో పూస్తే, ఈపీడీఎం దాన్ని పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది. గాడిలో ఇరుక్కుని అంచులు నలిగి తెగుతుంది. నీటి కీళ్లకు సిలికాన్ గ్రీజు వాడాలి, అది లేకపోతే సబ్బు నీళ్లు చాలు. వెన్న, మీగడ, నెయ్యి తగిలే డెయిరీ యంత్రాల్లో నైట్రైల్‌కు స్థానం ఉన్నది కూడా ఇందుకే. ఆ కొవ్వు ఈపీడీఎంను ఉబ్బిస్తుంది.

సిలికాన్: డాబా మీది రింగు

సిలికాన్ గొలుసులో కార్బన్ వెన్నెముకే లేదు. సిలికాన్ పరమాణువు, ఆక్సిజన్ పరమాణువు మార్చి మార్చి వస్తాయి. ఇసుకలోనూ ఉండేది ఈ బంధమే. దాన్ని వేడితో విడగొట్టడం కష్టం. పొడి గాలిలో సిలికాన్ రబ్బరు 200 డిగ్రీలకు పైన కూడా మెత్తగానే ఉంటుంది. దానికి జంట బంధాలూ లేవు. తాగునీటిలో ఉండే క్లోరిన్ మోతాదు దాన్ని పెద్దగా ఏమీ చేయదు.

అలా అయితే అన్ని చోట్లా సిలికానే పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. సోలార్ హీటర్‌ను జాగ్రత్తగా గమనిస్తే జవాబు దొరుకుతుంది. మన డాబాల మీద ఎక్కువగా కనిపించే రకంలో 58 మిల్లీమీటర్ల వ్యాసం గల గాజు గొట్టాలు వాలుగా వరుసలో ఉండి, పై కొస ట్యాంకు రంధ్రంలోకి దూరి ఉంటాయి. ఆ రంధ్రంలో ఉండే రింగుకు మూడు పనులు. గాజును నెట్టేటప్పుడు పగలకుండా సర్దుకోవాలి. దాదాపు మరిగే నీటిని నిత్యం భరించాలి. ట్యాంకు ఖాళీ అయి ఎండలో గొట్టాలు ఎండిపోతే, లోపలి గాజు 200 డిగ్రీలు దాటినప్పుడు కొసన చేరే వేడికి కాలిపోకూడదు. మే నెలలో మోటారు పాడై రెండు రోజులు నీళ్లు ఎక్కకపోతే ఈ మూడోది నిజంగానే జరుగుతుంది. ఇక్కడ నీటి ఒత్తిడి మాత్రం చాలా తక్కువ, ట్యాంకులో నిలిచిన నీటి ఎత్తుకు తగ్గది మాత్రమే. మెత్తదనం, వేడికి ఓర్పు కావాలి, బలం అక్కర్లేదు. ఇది సిలికాన్‌కు కొలిచి కుట్టినట్టున్న పని.

అదే సిలికాన్‌ను ప్రెషర్ పంపు తర్వాతి యూనియన్‌లో పెడితే దాని బలహీనతలు బయటపడతాయి. మామూలు సిలికాన్‌కు చిరుగును తట్టుకునే శక్తి తక్కువ. యూనియన్ నట్టు తిప్పేటప్పుడు రింగు మెలిపడినా, పైపు అంచున సన్నటి లోహపు పొక్కు తగిలినా గాటు పడుతుంది, గాటు పడ్డాక అది సాగుతూ పోతుంది. కదిలే షాఫ్టు మీద పెడితే రాపిడికి త్వరగా అరుగుతుంది.

రెండో బలహీనత ఇంకా లోతైనది. సిలికాన్, ఆక్సిజన్ల బంధాన్ని వేడి విడగొట్టలేకపోయినా, వేడితో పాటు నీరు కలిస్తే విడగొట్టగలదు. 120 డిగ్రీలు దాటిన నీటిలోనో ఆవిరిలోనో మూసిపెట్టి ఉంచితే నీటి అణువు గొలుసులోకి చొరబడి దాన్ని రెండుగా తెంచుతుంది. నైట్రైల్ ముసలితనంలో గట్టిపడితే, సిలికాన్ ఈ పరిస్థితిలో మెత్తబడి బంకలా మారుతుంది. ఘాటైన క్షారం, ఘాటైన ఆమ్లం ఈ తెగుడును ఇంకా తొందరపెడతాయి.

ఆసుపత్రుల ఆటోక్లేవ్ తలుపులకూ కొన్ని ప్రెషర్ కుక్కర్ల మూతలకూ సిలికాన్ వాడతారు కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. అక్కడ రింగు ఆవిరిలో ఉండేది కొద్దిసేపే. తర్వాత మూత తెరుచుకుంటుంది, రింగు ఆరుతుంది, పాడైతే చేత్తో తీసి మార్చడమూ సులువే. గోడలోపల మూసుకుపోయి రాత్రింబవళ్లు వేడినీటిలో మునిగి ఉండే రింగుకు ఆ వెసులుబాటు లేదు.

వరద తర్వాత వచ్చే క్లోరిన్

మామూలు రోజుల్లో కుళాయి దగ్గర క్లోరిన్ కొద్దిగానే ఉంటుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. కానీ డెల్టాలో ఎప్పుడూ మామూలు రోజులే ఉండవు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలా మురికి నీరు సంపుల్లోకి చేరినప్పుడు వాటిని కడిగి బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేయక తప్పదు. కాలువలు కట్టేసే వేసవిలో బందరు, గుడివాడ వైపు మంచినీటి చెరువుల్లో నిలవ నీటినే వాడుకోవాలి. నాచు, సేంద్రియ పదార్థం పెరిగిన నీటికి ఎక్కువ క్లోరిన్ కలిపితే గానీ చివరి కుళాయి దాకా మిగలదు.

ట్యాంకును గట్టిగా శుద్ధి చేయడానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వాడతారనుకుందాం. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 50 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడరులో పనికొచ్చే క్లోరిన్ 25 శాతం ఉంటే 200 గ్రాముల పౌడరు వేయాలి. ఆ నీటిని 24 గంటలు పైపుల్లో నిలిపితే రబ్బరుకు తగిలే మోతాదు ఎంత? 50ని 24తో హెచ్చిస్తే 1200. రోజూ వచ్చే 0.2 లెక్కన ఈ 1200 చేరడానికి 6000 గంటలు, అంటే 250 రోజులు పడుతుంది. ఒక్క రోజు శుద్ధి రింగుకు ఎనిమిది నెలల వయసు కలుపుతుంది. మోతాదు పెరిగిన కొద్దీ నష్టం సరిగ్గా అదే నిష్పత్తిలో పెరగకపోవచ్చు కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అదే నీరు 60 డిగ్రీల హీటర్‌లోకి కూడా వెళితే ముందు చూసిన ఎనిమిది రెట్లు దీనికి తోడవుతాయి.

దీనికి మందు క్లోరిన్ తగ్గించడం కాదు. కలరా, కామెర్లు తెచ్చే క్రిముల ముందు రింగు ధర ఏపాటిది? చేయాల్సింది ఒక క్రమం. శుద్ధికి ముందే హీటర్ కరెంటు ఆపాలి, సోలార్ హీటర్‌కు వెళ్లే వాల్వు మూయాలి. ఘాటైన నీటిని చల్లటి పైపుల్లోనే నిలపాలి. గడువు తీరాక అన్ని కుళాయిలూ తెరిచి, వాసన మామూలుగా మారేదాకా మంచినీటితో కడగాలి. ఆ తర్వాతే హీటర్ వాల్వు తెరవాలి. హీటర్‌లోకే మురికి నీరు చేరి ఉంటే దాన్నీ శుద్ధి చేయాల్సిందే, కానీ చల్లగా ఉన్నప్పుడు.

మరో మెలిక కూడా ఉంది. మురుగు కలిసిన నీటిలో అమ్మోనియా ఉంటుంది. క్లోరిన్ దానితో కలిసి క్లోరమీన్‌గా మారుతుంది. క్లోరమీన్ క్రిముల మీద నెమ్మదిగా పనిచేసినా రబ్బరు మీద ఎక్కువ కఠినం. నీటిలో ఎక్కువ కాలం నిలిచి, రబ్బరులోకి లోతుగా చొరబడుతుంది. అమెరికాలో అనేక నగరాలు క్లోరిన్ నుంచి క్లోరమీన్‌కు మారాక ఇళ్లలో రబ్బరు భాగాలు ముందుగానే పాడవుతున్నాయన్న ఫిర్యాదులు రావడంతో అక్కడ దీన్ని పరీక్షించారు. సహజ రబ్బరు, జంట బంధాలు ఎక్కువున్న రబ్బర్లు ముందు దెబ్బతిన్నాయి. నాసిరకం ఈపీడీఎంకు కూడా ఇక్కడ మినహాయింపు లేదు.

విప్పిన రింగు ఏం చెబుతుంది?

మన నాలుగంతస్తుల ఇంట్లో వేడినీటి యూనియన్ తెల్లవారుజామున చుక్కలు వదులుతోంది. ప్లంబరు నట్టు ఇంకాస్త బిగిస్తే రెండు వారాలు ఆగి మళ్లీ మొదలైంది. అప్పుడు విప్పాలి. తీసిన రింగును పారేయకుండా చూడాలి.

ముందు పొడి వేలితో రుద్దాలి. వేలికి మసిలాంటి నలుపు అంటితే పైపొరలోని రబ్బరు కరిగిపోయి అందులో కలిపిన కార్బన్ నలుపు విడిపోతోందని అర్థం. బకెట్లో అడపాదడపా కనిపించే నల్లటి నలకలకు కూడా ఇదే కారణం కావచ్చు. తర్వాత రింగును మెల్లగా వంచి వెలుపలి అంచు చూడాలి. సన్నటి పగుళ్లు నీరు తగిలిన వైపే ఉంటే అది క్లోరిన్ పని. రింగు మొత్తం గట్టిపడి, గాడి ఆకారం చదునుగా ముద్రపడి ఉంటే అది వేడి పని. ఉబ్బి, మెత్తబడి, అంచులు కొరికినట్టు ఉంటే గ్రీజు తగిలిన ఈపీడీఎం అయి ఉండవచ్చు. జిగురుగా తీగలు సాగితే అధిక వేడినీటిలో చిక్కిన సిలికాన్ కావచ్చు. మందాన్ని కొలిచి ముందు చూసిన లెక్కలో వేస్తే ఎంత మిగిలిందో అంకెలో తెలుస్తుంది.

ఇప్పుడు కొత్త రింగు. నల్లటిది ఏ రబ్బరో తెలుసుకోవడానికి ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఒకటి ఉంది. రెండు రింగులు కొని ఒకదాన్ని కోసి, ఆ ముక్క పొడవు కొలిచి, మూతగల గాజు సీసాలో డీజిలు పోసి ఒక రోజు నానబెట్టాలి. మంటకు దూరంగా ఉంచాలి. నైట్రైల్ కొద్దిగానే మారుతుంది. ఈపీడీఎం కంటికి తెలిసేంతగా ఉబ్బి పొడవు పెరుగుతుంది. అంటే నూనెలో ఓడిపోయిన రింగే మన వేడినీటికి కావలసింది. సిలికాన్ కూడా ఇందులో ఉబ్బుతుంది కానీ దాన్ని గుర్తించడానికి వేరే దారి ఉంది. డీజిలు తగలని చిన్న ముక్కను పటకారుతో పట్టుకుని ఆరుబయట కాలిస్తే సిలికాన్ తెల్లటి బూడిద మిగుల్చుతుంది. మిగతా రెండూ నల్లటి పొగతో కాలి నల్లగానే మిగులుతాయి. రంగును నమ్మకూడదు. ఎర్రటి రింగు సిలికానే కావాలని నియమం ఏమీ లేదు, ఏ రబ్బరులోనైనా రంగు కలపవచ్చు.

ఈ పరీక్ష జాతిని చెబుతుంది, నాణ్యతను చెప్పదు. గంధకంతో ముడివేసిందా పెరాక్సైడ్‌తోనా, సుద్ద ఎంత కలిపారు అన్నది తయారీదారు పత్రంలోనే తెలుస్తుంది. ఒక ఇంటికి అంత అవసరం లేకపోవచ్చు. వంద గదుల హోటలుకో హాస్టలుకో రింగులు కొనేవాళ్లు మాత్రం మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. మొదటిది, తాగునీటికి అనుమతి ఉన్న పెరాక్సైడ్ ఈపీడీఎం అన్న హామీ. రెండోది, వాళ్ల నీటి ఉష్ణోగ్రతకు తగ్గ పరీక్షలో వచ్చిన కంప్రెషన్ సెట్ అంకె. మూడోది, తయారైన సంవత్సరం, ఎందుకంటే రింగు పెట్టెలో కూడా ముసలిదవుతుంది, ముఖ్యంగా నైట్రైల్.

మొత్తం దారిని మరోసారి చూస్తే ఎంపిక ఇలా తేలుతుంది. సంపు మోటారులో చల్లటి నీటికి నైట్రైల్ ఉంటే ఉండనివ్వవచ్చు, మార్చాల్సి వచ్చినప్పుడు ఈపీడీఎం దొరికితే అదే మేలు. వేడినీటి యూనియన్లు, వాల్వులు, గీజరు గాస్కెట్ అన్నిటికీ ఈపీడీఎం, పూతకు సిలికాన్ గ్రీజు. సోలార్ గాజు గొట్టాల దగ్గర సిలికాన్, దానికి మాత్రం సిలికాన్ గ్రీజు పూయకూడదు, తన జాతి నూనెనే అది పీల్చి ఉబ్బుతుంది కాబట్టి సబ్బు నీళ్లు సరిపోతాయి. దుకాణంలో అడగాల్సిన తీరు కూడా దీన్నిబట్టే మారాలి. సైజు ఒక్కటే చెబితే వచ్చేది లారీ రింగు. సైజుతో పాటు ఈపీడీఎం అనీ, వేడినీటికి అనీ చెప్పి తెచ్చుకున్నదే స్నానాల గది గోడలో నిలుస్తుంది.